పుట్టని మందుకు వెల కట్టేదెలా?

హైదరాబాద్‌లోని డాక్టర్ రెడ్డీస్ 1997లో తాను కనిపెట్టిన బాలాగ్లిటజోన్ అనే మధుమేహ మందును డెన్మార్క్ కంపెనీ నోవో నార్డిస్క్‌కు లైసెన్సుకిచ్చింది. మరుసటి ఏడాది రాగాగ్లిటజార్ అనే ఇంకో మందునూ ఇచ్చింది. కాపీ మందులకే పరిమితమనుకున్న భారతీయ ఫార్మా, సొంత పరిశోధనను విదేశీ కంపెనీకి అమ్మగలిగిందని అప్పట్లో అంతా సంబరపడ్డారు. 2002 జూలైలో నోవో నార్డిస్క్ రాగాగ్లిటజార్ ట్రయల్స్ ఆపేసింది. మందు ఇచ్చిన ఎలుకల్లో మూత్రాశయ కణితులు కనిపించడమే కారణం. బాలాగ్లిటజోన్ కూడా చివరికి మందుల షాపు దాకా రాలేదు.

మందుగా మారుతుందో లేదో ఎవరికీ తెలియని పదార్థానికి కొనేవాడు ఎంతివ్వాలి, అమ్మేవాడు ఎంతడగాలి? ఫార్మా కంపెనీలు ఇందుకు ఎక్కువగా వాడే లెక్క పేరు రిస్క్ అడ్జస్టెడ్ ఎన్‌పీవీ. పేరు బరువుగా ఉన్నా, గుణకారం వచ్చినవాళ్లెవరైనా వేయగలిగిన లెక్కే.

ఇందులో మొదటి సగం కామర్స్ విద్యార్థులందరికీ తెలిసిందే. పది శాతం రాబడి ఆశించేవాడికి ఏడాది తర్వాత చేతికొచ్చే 110 రూపాయలు ఇవాళ్టి 100తో సమానం. ఏడేళ్ల తర్వాత వచ్చే 100 అయితే ఇవాళ్టి 51 మాత్రమే. ఇలా రాబోయే ఆదాయాన్నీ పెట్టబోయే ఖర్చునూ ఇవాళ్టి విలువలోకి దించి, ఒకదాన్నుంచి ఒకటి తీసేస్తే వచ్చేది ఎన్‌పీవీ. రెండో సగం మందుల వ్యాపారానికి ప్రత్యేకం. ప్రతి మొత్తాన్నీ, అసలు ఆ రోజు దాకా మనం చేరుకునే అవకాశం ఎంతో దానితో కూడా గుణించాలి.

ఆ అవకాశాలు ఎక్కడివి? అమెరికాలోని బయోటెక్ పరిశ్రమ సంఘం ‘బయో’ 2011 నుంచి 2020 వరకు జరిగిన ట్రయల్స్‌ను లెక్కేసి 2021లో ఒక నివేదిక వేసింది. దాని ప్రకారం ఫేజ్ 1లో అడుగుపెట్టిన మందుల్లో 52 శాతం ఫేజ్ 2కు వెళ్లాయి. అక్కడి నుంచి ఫేజ్ 3కు వెళ్లినవి 29 శాతమే. ఫేజ్ 3 దాటి అనుమతికి దరఖాస్తు చేసుకున్నవి 58 శాతం, దరఖాస్తు చేసినవాటిలో అనుమతి దక్కినవి 90 శాతం పైచిలుకు. నాలుగింటినీ గుణిస్తే ఎనిమిది శాతం కూడా రాదు. ఫేజ్ 2 దగ్గరే ఇంత వడపోత ఎందుకంటే, ఫేజ్ 1లో మందు మనిషికి హాని చేయకుండా ఉంటుందా అని ప్రధానంగా చూస్తారు. అది జబ్బు మీద నిజంగా పనిచేస్తుందా అన్న ప్రశ్నకు రోగుల్లో మొదటిసారి గట్టిగా జవాబు వచ్చేది ఫేజ్ 2లోనే.

ఇప్పుడు జీనోమ్ వ్యాలీలో ఒక చిన్న కంపెనీ ఉందనుకుందాం. కంపెనీ ఊహే, అంకెలూ ఊహే, విజయావకాశాలు మాత్రం పై సగటులే. దాని చేతిలో ఫేజ్ 1కు సిద్ధంగా ఉన్న మందు ఒకటుంది. ఫేజ్ 1కు ఇప్పుడే 40 కోట్లు కావాలి. అది నెగ్గితే ఏడాది తర్వాత ఫేజ్ 2కు 120 కోట్లు, అదీ నెగ్గితే మూడో ఏడు ముగిశాక ఫేజ్ 3కు 600 కోట్లు, ఆరో ఏడు ముగిశాక దరఖాస్తుకు 20 కోట్లు. అన్నీ దాటితే ఏడేళ్ల తర్వాత మందు మార్కెట్లోకి వస్తుంది. పేటెంటు తీరేదాకా వచ్చే లాభాలన్నిటినీ కలిపి చూస్తే, విడుదల రోజుకు వాటి విలువ 5000 కోట్లు. డిస్కౌంట్ రేటు పది శాతం.

వైఫల్యమన్న ఊసే లేకుండా లెక్కేస్తే ఆ 5000 కోట్లు ఇవాళ్టి విలువలో 2566 కోట్లు. ఖర్చులన్నీ కలిపి 611 కోట్లు. మిగిలేది దాదాపు 1955 కోట్లు. పెట్టుబడి కోసం తిరిగే కంపెనీ స్లైడ్ల మీద మెరిసేది ఇలాంటి అంకే.

ఇప్పుడు అవకాశాలను కలుపుదాం. అన్ని దశలూ దాటి ఆదాయం చూసే అవకాశం 7.9 శాతం కాబట్టి 2566 కోట్లు కాస్తా 202 కోట్లవుతాయి. ఇక ఖర్చుల సంగతి. చాలామంది తడబడేది ఇక్కడే. ఆదాయాన్ని 7.9 శాతానికి తగ్గించి, దానిలోంచి 611 కోట్ల ఖర్చును యథాతథంగా తీసేస్తారు. అప్పుడు 400 కోట్లకు పైగా నష్టం తేలి, ప్రాజెక్టు ఫైలు మూతపడుతుంది. కానీ ఫేజ్ 2లో తప్పిన మందుకు ఫేజ్ 3 ఖర్చు ఎవరు పెడతారు? ఆ 600 కోట్ల అవసరం వందలో పదిహేనుసార్లే వస్తుంది. అందుకే దాని ఇవాళ్టి విలువ 451 కోట్లయినా, లెక్కలోకి వచ్చేది 68 కోట్లే. అదే పద్ధతిలో ఫేజ్ 2 ఖర్చు 57 కోట్లు, దరఖాస్తు ఖర్చు ఒక కోటి. ఫేజ్ 1కు మాత్రం మినహాయింపు లేదు. అది ఎలాగూ పెట్టి తీరాల్సిందే కాబట్టి పూర్తిగా 40. మొత్తం 166 కోట్లు. 202లోంచి తీసేస్తే మిగిలేది 36 కోట్లు.

దశలవారీ పరిశోధన బలమంతా ఈ ఖర్చుల లెక్కలోనే ఉంది. పెద్ద ఖర్చులు చివర్లో ఉన్నాయి, పెద్ద వడపోత ముందే జరిగిపోతుంది. 600 కోట్లూ మొదటి రోజే కట్టాలన్న షరతు ఉంటే ఇదే మందును ఎవరూ ముట్టుకోరు.

ఒక్కో దశ దాటేకొద్దీ విలువ ఎలా మారుతుందో చూడండి. ఇవాళ 36 కోట్లు. ఫేజ్ 1 నెగ్గిన రోజున మళ్లీ లెక్కేస్తే 161 కోట్లు. ఫేజ్ 2 నెగ్గిన రోజున ఏకంగా 1174 కోట్లు. మందు మారలేదు, మార్కెట్ మారలేదు, మారింది మన అనుమానమొక్కటే. బయోటెక్ షేర్లు ట్రయల్ ఫలితం వచ్చిన రోజున ఒక్క పూటలో రెట్టింపవడం, సగానికి పడిపోవడం చూసి అదంతా జూదమేనని కొట్టిపారేసేవాళ్లున్నారు. చాలాసార్లు దాని వెనక ఉండేది ఈ గుణకారమే.

అయితే రిస్క్‌ను ఇంకో దారిలో లెక్కలోకి తెచ్చే పాత అలవాటు ఒకటుంది. పరిశోధన ప్రమాదకరం కదా అని డిస్కౌంట్ రేటును పదికి బదులు పాతికో ముప్పయ్యో పెడతారు. అలాంటి రేటు ప్రతి ఏటా ఒకే తీరున కోత వేస్తుంది. మందు గండం మాత్రం ఏటా సమానంగా ఉండదు. అది ఫేజ్ 2 గుమ్మంలో కాపు కాస్తుంది, అది దాటాక చాలావరకు తగ్గుతుంది. అసలు చిక్కు రెండు పద్ధతులనూ కలిపేసినప్పుడు వస్తుంది. మన మందుకే అవకాశాలతో గుణించి, ఆపైన 25 శాతం రేటు కూడా వేస్తే 36 కోట్ల లాభం 54 కోట్ల నష్టంగా తేలుతుంది. ఒకే భయానికి రెండుసార్లు జరిమానా అన్నమాట. ఎక్సెల్ షీటు చేతికొచ్చినప్పుడు ఒక వరసలో విజయావకాశాలూ, పైన పాతిక శాతం డిస్కౌంట్ రేటూ రెండూ కనిపిస్తే, ఆ రేటు ఎందుకంత ఉందో ముందు అడగాలి. విఫలమయ్యే ముప్పు అవకాశాల్లోకి వచ్చేశాక రేటులో ఉండాల్సింది డబ్బు ఖరీదు, మార్కెట్ ఒడిదొడుకులే.

ఇంత లెక్కకూ ఆయువుపట్టు ఫేజ్ 2 పక్కనున్న ఆ 29. దాన్ని 35 చేస్తే 36 కోట్లు 64 అవుతాయి. 20 చేస్తే ఐదు కోట్ల నష్టం. మందును కనిపెట్టిన శాస్త్రవేత్తకు అది బిడ్డలాంటిది, ఆయన్నడిగితే యాభై అంటాడు. అలాగని సగటును గుడ్డిగా పట్టుకోవడమూ తప్పే. అదే నివేదికలో ఫేజ్ 1 నుంచి అనుమతి దాకా చేరే అవకాశం రక్త సంబంధ వ్యాధుల మందులకు దాదాపు 24 శాతముంటే, క్యాన్సర్ మందులకు ఐదు శాతం పైచిలుకే ఉంది. కాబట్టి జబ్బుకు తగ్గ సగటు దగ్గర మొదలుపెట్టాలి. అక్కడి నుంచి పైకి జరిగితే ఎందుకు జరిగారో కాగితం మీద రాయించాలి. ఇదే జీవ మార్గం మీద పనిచేసే ఇంకో మందు ఇప్పటికే రోగుల్లో ఫలించిందా? ఏ రోగికి పనిచేస్తుందో ముందే చెప్పగల పరీక్ష ఉందా? ఇలాంటి కారణమేదీ లేకుండా పెరిగిన అంకె ఆశే తప్ప అంచనా కాదు.

ఇంతా చేసి ఆ 36 కోట్లు ఎవరి చేతికీ రావు. ఇలాంటి మందులు వంద మొదలుపెడితే 48 ఫేజ్ 1లోనే 40 కోట్లు మింగి పోతాయి. 37 మందులు ఫేజ్ 2 దాకా వెళ్లి 160 కోట్లు మింగుతాయి. ఆరు 760 కోట్లు తిన్నాక ఫేజ్ 3లో, ఒకటి దరఖాస్తు దగ్గర ఆగిపోతాయి. మిగిలిన ఎనిమిదే అందరి అప్పులూ తీర్చాలి. ముప్పయి, నలభై మందులున్న బహుళజాతి కంపెనీకి ఈ సగటు అర్థవంతం. ఒక్క మందే ఉన్న చిన్న కంపెనీకి సగటు అనేది లేదు, ఉంటే వేల కోట్లు, లేకుంటే తాళం. అందుకే అది ఫేజ్ 1 దాటగానే, లెక్క ప్రకారం లాభం ఉన్నా, మందును పెద్ద కంపెనీకి లైసెన్సుకివ్వాలని చూస్తుంది.

ఆ ఒప్పందమూ ఇదే లెక్కతో నడుస్తుంది. మన కంపెనీ ఫేజ్ 1 నెగ్గాక ఇలా కుదిరిందనుకుందాం: సంతకం రోజున 30 కోట్లు, ఫేజ్ 2 నెగ్గితే 100 కోట్లు, అనుమతి వస్తే 600 కోట్లు. మర్నాడు పేపర్లో ‘730 కోట్ల ఒప్పందం’ అని వస్తుంది. అబద్ధం కాదు గానీ, ఫేజ్ 2 నాటి 100 కోట్లను కాలంతోనూ అవకాశంతోనూ గుణిస్తే 24 కోట్లు, అనుమతి నాటి 600 కోట్లను గుణిస్తే 51 కోట్లు. మొత్తం విలువ 105 కోట్లు. 161 కోట్ల మందులో చిన్న కంపెనీకి దక్కిన వాటా అది, మిగతాది ఇకపై ఖర్చంతా మోసే కంపెనీది. నా దృష్టిలో బేరం న్యాయమైనదే.

మీ దగ్గర ఫార్మా షేర్లుంటే, ఇకపై ఇలాంటి వార్త కనబడినప్పుడు హెడ్డింగులోని అంకెను వదిలేసి, సంతకం రోజున చేతికి ఎంత వచ్చిందో, మందు ఏ ఫేజ్‌లో ఉందో లోపల వెతకండి. ఆ రెండూ రాయని వార్తను చూసి షేరు కొనకండి.