సర్వేయర్ కాగితంలో ఒక్క గడి

మా బావగారి చిన్న కారు నిరుడు గుంటూరు నుంచి విజయవాడ వస్తూ, ముందున్న లారీ ఉన్నట్టుండి ఆగడంతో వెళ్లి దానికి గుద్దుకుంది. మనుషులకు ఏమీ కాలేదు గానీ, కారు ముందు భాగమంతా నుజ్జయింది. దాన్ని ఆటోనగర్‌లో షెడ్డుకు చేర్చాం. బావగారు మాత్రం ధీమాగా ఉన్నారు. "బంపర్ టు బంపర్ కట్టానయ్యా, నాకు పైసా పడదు" అన్నారు. కారు తెచ్చుకోవడానికి వెళ్లిన రోజు కౌంటర్లో అమ్మాయి 3,500 రూపాయల బిల్లు చేతిలో పెట్టింది. "జీరో అని అమ్మి ఇదేంటి?" అని ఆయన గొడవకు దిగారు. నేను సర్వేయర్ వేసిన లెక్క కాగితం అడిగి తీసుకున్నాను. గొడవంతా ఆ కాగితంలోనే ఉంది.

జీరో డిప్, నిల్ డిప్, బంపర్ టు బంపర్. పేర్లు మూడైనా సరుకు ఒకటే. కారు పాతబడే కొద్దీ దాని భాగాల విలువ తరుగుతుందని బీమా కంపెనీ లెక్క. పాత బంపర్ పోయి కొత్త బంపర్ వస్తే మీరు లాభపడ్డట్టే కాబట్టి, ఆ లాభం మేరకు మీరే పెట్టుకోవాలంటుంది. ఈ తరుగు ఎంతన్నది కంపెనీ ఇష్టం కాదు. 2002 నాటి ఇండియా మోటార్ టారిఫ్‌లో పట్టికగా ఉంది. ప్రీమియం ధరలు తర్వాత కంపెనీల చేతికి వెళ్లినా మామూలు పాలసీల్లో ఆ పట్టికే నడుస్తూ వచ్చింది.

ఇనుప భాగాలకు తరుగు బండి వయసును బట్టి ఉంటుంది. ఆరు నెలల్లోపు ఏమీ ఉండదు, మూడేళ్లు దాటి నాలుగేళ్ల లోపైతే 25 శాతం, అయిదేళ్లు దాటి పదేళ్ల లోపైతే 40 శాతం. ప్లాస్టిక్, రబ్బరు, టైర్లు, బ్యాటరీ, ఎయిర్‌బ్యాగ్‌లకు మాత్రం వయసుతో పని లేదు, నేరుగా సగం కోత. షోరూమ్ నుంచి తెచ్చిన నెలకే గోడకు గీసుకున్నా బంపర్ ధరలో సగం యజమానిదే. ఇప్పటి కార్ల ముందు వెనుకల్లో ఎంత ప్లాస్టిక్ ఉందో చూస్తే ఈ రూలు బరువు తెలుస్తుంది. అద్దానికి మాత్రం తరుగు అసలు లేదు.

ఇక బావగారి కాగితం. కారు వయసు మూడేళ్ల నాలుగు నెలలు. బంపర్ 6,000, హెడ్‌ల్యాంపు 8,000. రెండూ ప్లాస్టిక్ కింద లెక్కే కాబట్టి 7,000 తరుగు. బానెట్ 9,000, ఫెండర్ 4,000. ఇనుము కాబట్టి 25 శాతం చొప్పున 3,250. పెయింటింగ్ మొత్తం 12,000. అందులో పావు వంతును రంగు సామాను ఖర్చుగా తీసుకుని, దానిలో సగం కోస్తారు. అంటే 1,500. ముందు అద్దం 7,000, పనివాళ్ల కూలీ 8,000. ఈ రెండింటి మీదా తరుగు లేదు. ఇవి కాక కూలెంట్, ఏసీ గ్యాస్, క్లిప్పులు, బోల్టులు వగైరా 2,500. మొత్తం బిల్లు 56,500.

తరుగు గడిలో కూడిక 11,750. జీరో డిప్ చేసే పని ఆ ఒక్క గడిలో సున్నా పెట్టడం. అంతకు మించి ఏమీ లేదు. అది లేకపోతే బావగారు ఈ 11,750తో పాటు కూలెంటు, క్లిప్పుల 2,500, ప్రతి క్లెయిముకూ యజమాని తప్పనిసరిగా భరించాల్సిన 1,000, వెరసి 15,250 కట్టేవారు. ఉంది కాబట్టి చివరి రెండే మిగిలి 3,500 అయింది. 1,500 సీసీ దాటిన కారైతే ఆ వెయ్యి రెండు వేలు. ప్రీమియం తగ్గుతుందని వాలంటరీ డిడక్టిబుల్ కూడా ఒప్పుకుని ఉంటే అదీ పైన పడుతుంది. ఆయిల్, గ్రీజు, బోల్టుల లాంటి వాటికి కన్స్యూమబుల్స్ కవర్ అని వేరే ఉంది. దాన్ని విడిగా కొనాలి.

ఇది చెప్పాక బావగారు చల్లబడ్డారు గానీ, మరో పేచీ మొదలైంది. వెనక తలుపు మీది పాత సొట్ట కూడా ఇందులోనే చేయించాలని ఆయన పట్టు. బిల్లు 50,000 దాటింది కాబట్టి లైసెన్స్ ఉన్న సర్వేయర్ వచ్చి చూశాడు. ముందు గుద్దితే వెనక తలుపుకు సొట్ట ఎలా పడుతుందని కొట్టేశాడు. అతని మాటే న్యాయం. ఆ ప్రమాదంలో పోయిన భాగమేనా, మార్చాలా బాగుచేస్తే సరిపోతుందా అన్నవి ముందు తేలాలి. క్లెయిములోకే రాని భాగానికి తరుగు సున్నా అయితే ఏమిటి, వంద అయితే ఏమిటి?

ఈ సంగతి బాగా అర్థమయ్యేది వరదలోనే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు కాలనీలకు కాలనీలు మునిగాయి. నీళ్లలో నిలిచిపోయిన బండికి వరద నష్టం మామూలు సమగ్ర పాలసీలోనే వస్తుంది. కానీ నీళ్లలో ఉండగానే, లేదా నీళ్లు తీశాక ఇంజిన్ లోపల తడి ఆరకుండానే తాళం తిప్పితే సిలిండర్లోకి చేరిన నీళ్లు నలగవు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అది వరద చేసిన నష్టం కాదు, మీరు స్టార్ట్ చేయడం వల్ల వచ్చిన నష్టమని కంపెనీ అంటుంది. జీరో డిప్ అక్కడ అక్కరకు రాదు. దానికి ఇంజిన్ ప్రొటెక్ట్ కవర్ కావాలి. అది ఉన్నా లేకున్నా, మునిగిన బండికి తాళం పెట్టకుండా లాగించుకుని వెళ్లడమే పద్ధతి.

నష్టం మరీ పెద్దదైనప్పుడు కూడా జీరో డిప్‌కు పని ఉండదు. పాలసీలో కారు విలువ, అంటే ఐడీవీ 3,60,000 అనుకుందాం. రిపేరు ఖర్చు అందులో 75 శాతం, అంటే 2,70,000 దాటితే బండిని టోటల్ లాస్ కింద తీసేస్తారు. అప్పుడు వచ్చేది ఐడీవీయే, కొత్త కారు ధర కాదు. ఆ ఐడీవీలో తరుగు ముందే తీసేసి ఉంటుంది. దొంగలెత్తుకుపోయినా అంతే. కొన్న ధర రావాలంటే రిటర్న్ టు ఇన్‌వాయిస్ అనే మరో కవర్ తీసుకోవాలి.

ఒక్కో కంపెనీ ఒక్కోలా రాసే షరతులు కూడా ఉన్నాయి. చాలా పాలసీల్లో ఏడాదికి రెండు క్లెయిములకే జీరో డిప్ వర్తిస్తుంది. మూడో దానికి మళ్లీ తరుగు కోస్తారు. కొన్నింటిలో టైర్లు, బ్యాటరీలను ఈ కవర్ నుంచి తీసేస్తారు. అయిదేళ్లు దాటిన బండికి ఇవ్వనివీ ఉన్నాయి. బావగారు వేసవిలో అద్దం కమ్మీ విరిగిందని 2,000 కోసం ఒక క్లెయిము వేసేశారు. డిడక్టిబుల్ పోగా చేతికి వచ్చింది 1,000. ఆ వెయ్యికి రెండు అవకాశాల్లో ఒకటి ఖర్చయింది. లారీని గుద్దింది రెండోది. ఎలాగూ ఆ చిన్న క్లెయిముతోనే నో క్లెయిమ్ బోనస్ కూడా పోయింది. జీరో డిప్ ఉన్నంత మాత్రాన బోనస్ నిలవదు. అదీ వేరే కవరే.

రెన్యువల్ రోజున ఫోనులో ఏజెంటు "అన్నీ కవరవుతాయి సార్" అంటాడు. అప్పుడు అతన్ని జీరో డిప్ క్లాజు ఉన్న పేజీ వాట్సాప్ చేయమనండి. ఏడాదికి ఎన్ని క్లెయిములు, టైర్లూ బ్యాటరీ ఉన్నాయా లేవా, వాలంటరీ డిడక్టిబుల్ ఎంత పెట్టారు అన్న మూడు విషయాలు అందులో చూసుకున్నాకే డబ్బు కట్టండి.