చిన్న పార్సిల్‌కు ఏ కొరియర్? రేటు కార్డుకూ బిల్లుకూ మధ్య

కొరియర్ సంస్థ ఇచ్చే రేటు కార్డులో మొదట కంటపడేది అరకిలో ధర. చిన్న పార్సిళ్లు పంపే వ్యాపారులు చాలామంది ఆ ఒక్క అంకెనే పోల్చి చూసుకుని సంస్థను ఖాయం చేసుకుంటారు. కానీ నెలాఖరున వచ్చే బిల్లును తేల్చేవి వేరే రెండు ఉన్నాయి: పార్సిల్ ఏ జోన్‌లో పడింది, దాని బరువును సంస్థ ఎంతగా లెక్కగట్టింది.

జోన్ సంగతి కిష్టారెడ్డిపేట లాంటి చోట మరీ ముఖ్యం. ఊరు హైదరాబాద్‌ను ఆనుకునే ఉంది, కానీ జిల్లా సంగారెడ్డి. నగరం పిన్‌కోడ్లు 500తో మొదలైతే, పటాన్‌చెరు పరిసరాలవి 502తో మొదలవుతాయి. ఈ పిన్‌కోడ్‌ను మహానగరం కిందే లెక్కించే సంస్థ అయితే ఇక్కడి నుంచి బెంగళూరుకో ముంబయికో పంపే పెట్టెకు మెట్రో ధర పడుతుంది. లెక్కించని సంస్థ అయితే అదే పెట్టె ‘మిగతా దేశం’ ధరకు వెళుతుంది. అందుకే రేటు కార్డు చేతికి రాగానే పికప్ చిరునామా పిన్‌కోడ్ ఏ జోన్‌లో ఉందో రాతపూర్వకంగా తీసుకోవాలి. ధరల మీద 18 శాతం జీఎస్టీ, కొన్ని సంస్థల్లో ఇంధన సర్‌ఛార్జీ అదనం. ఇవి కలిపిన తర్వాతే రెండు కార్డులను పక్కపక్కన పెట్టాలి.

ఇక బరువు. యంత్రాల్లో వాడే రబ్బరు సీళ్లు, వాషర్లు తయారుచేసి నేరుగా కొనుగోలుదార్లకు పంపే చిన్న యూనిట్ ఒకటి ఉందనుకుందాం. ప్యాకింగ్‌తో కలిపి ఒక్కో పార్సిల్ 420 గ్రాములు తూగుతుంది. కాబట్టి అరకిలో స్లాబులోనే ఉంటుందని యజమాని లెక్క. కానీ కొరియర్లు కాటా మీద తేలిన బరువుతో పాటు, పెట్టె ఆక్రమించే చోటును బట్టి వచ్చే వాల్యూమెట్రిక్ బరువునూ చూస్తాయి. పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తే అది కిలోల్లో వస్తుంది. రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే డబ్బు. ఆ సీళ్లను 30×20×12 సెంటీమీటర్ల అట్టపెట్టెలో పెడితే 1.44 కిలోలు లెక్కకు వస్తుంది, బిల్లు కిలోన్నరకు పడుతుంది. 22×16×7 పెట్టెలో పెడితే 0.49 కిలోలు, అంటే అరకిలో స్లాబే.

‘ఎ’ అనే సంస్థ మొదటి అరకిలోకు 42 రూపాయలు, ఆపై ప్రతి అరకిలోకు 38 అడుగుతోందనుకుందాం; ‘బి’ 55, 30 అడుగుతోందనుకుందాం. పెద్ద పెట్టెకు ‘ఎ’ 118 రూపాయలు, ‘బి’ 115. చిన్న పెట్టెకు 42, 55. సంస్థను మార్చడం కన్నా పెట్టెను మార్చడం వల్లే ఎన్నో రెట్లు ఎక్కువ మిగులుతోంది. అయితే 5000 అనే భాజకం అందరూ పాటించేది కాదు, కొన్ని ఒప్పందాల్లో 4000 ఉంటుంది. ‘ఎ’ ఒప్పందంలో అదే ఉంటే చిన్న పెట్టె 0.62 కిలోలై, కిలో స్లాబులోకి వెళ్లి 80 రూపాయలవుతుంది. అప్పుడు 55 అడిగే ‘బి’ చవక. సంతకం చేసే ముందు ఒప్పందంలో వెతకాల్సిన మొదటి అంకె ఈ భాజకమే.

బరువు తగాదాలు ఎక్కువగా స్లాబు అంచున పుడతాయి. 22×16×7 పెట్టె పైభాగం ఒక్క సెంటీమీటరు ఉబ్బినా 0.56 కిలోలవుతుంది. హబ్‌లోని కొలత యంత్రం పెట్టెను దాని ఉబ్బుతో సహా కొలుస్తుంది కాబట్టి కిలో ధర పడుతుంది. అదే 20×15×7 పెట్టె అయితే సెంటీమీటరు ఉబ్బినా 0.48 దగ్గర ఆగుతుంది. మెత్తటి పాలిథిన్ కవర్లలో పంపే సరుకుకు ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ, ఎందుకంటే కవరును పరిచిన తీరును బట్టి కొలత మారుతుంది.

ఇలా బరువు తేడాకు అదనపు కోత పడినప్పుడు అభ్యంతరం చెప్పడానికి గడువు కొద్దిరోజులే. అది దాటితే కోతను ఒప్పుకున్నట్టే లెక్క. ఆ గడువెంతో, హబ్‌లో తీసిన ఫొటో చూపిస్తారా లేదా అన్నది ముందే అడగాలి. పంపేవారి వైపు సాక్ష్యం పికప్‌కు ముందే సిద్ధం కావాలి: లేబుల్ మీది నంబరు కనిపించేలా కాటా మీద పెట్టి ఒక ఫొటో, టేపు ఆనించి మూడు వైపులా మూడు ఫొటోలు. కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉంటే వాదనకు బలం. తగాదా ఎక్కడుందో కోతల తీరే చెబుతుంది. ఒకే రకం పెట్టెకు అప్పుడప్పుడు ఒక స్లాబు పెరుగుతుంటే ప్యాకింగ్‌లో ఉబ్బు ఉందని అర్థం. 420 గ్రాముల పార్సిల్ ఉన్నట్టుండి రెండున్నర కిలోలైతే, పక్క పార్సిల్ కొలత దీనికి పడిందనో లేబుళ్లు తారుమారయ్యాయనో అనుమానించాలి.

పికప్ నమ్మకాన్ని కొలవడానికి బాయ్ వచ్చాడా రాలేదా అన్నది మాత్రమే చాలదు. అతను పెట్టెలను యూనిట్ దగ్గరే స్కాన్ చేస్తున్నాడా, లేక హబ్‌కు చేరాక చేస్తున్నారా అన్నది చూడాలి. స్కాన్ కాకుండా వెళ్లిన పెట్టె దారిలో పోతే, దాన్ని అప్పగించినట్టు రుజువే ఉండదు. అందుకే పికప్ జాబితా మీద సంతకమైనా తీసుకోవాలి. పార్సిళ్లు రోజుకు నాలుగైదే ఉంటే, పెద్ద ఫ్యాక్టరీల లోడు ముందు చిన్న యూనిట్ వంతు వెనకబడుతుంది. సాయంత్రం బండి హబ్ నుంచి బయల్దేరే వేళకు అందకపోతే ఒక రోజు పోయినట్టే.

ట్రాకింగ్ నాణ్యత సంస్థ యాప్ అందంలో లేదు, డెలివరీ కాని రోజున అది ఏం చెబుతుందన్న దాంట్లో ఉంది. ‘కస్టమర్ అందుబాటులో లేరు’ అన్న మాట రాత్రి పొద్దుపోయాక, ఒకేసారి చాలా పార్సిళ్ల మీద కనిపిస్తే, డెలివరీకి ప్రయత్నమే జరగలేదని గట్టిగా అనుమానించవచ్చు. కొనుగోలుదారుకు ఫోన్ వచ్చిందో లేదో అడిగితే తేలిపోతుంది. మళ్లీ తీసుకెళ్లమని అదే రోజు చెప్పే వీలున్న సంస్థ దగ్గర వాపసులు తగ్గుతాయి. వాపసు వచ్చిన ప్రతి పార్సిల్‌కూ రెండువైపులా రవాణా ఖర్చు పంపినవారిదే.

వీటన్నిటినీ ఒక అంకెలోకి తేవడానికి ఒకే కొలత పెట్టెలను, ఒకే ఊళ్లకు, రెండు సంస్థల్లో ఇరవయ్యేసి పంపి చూడటం మంచి పద్ధతి. ‘ఎ’లో 840 రూపాయలు ఖర్చయి, మూడు పార్సిళ్లకు 38 చొప్పున బరువు కోత, రెండు వాపసులకు 42 చొప్పున ఛార్జీ పడ్డాయనుకుందాం. మొత్తం 1,038. చేరినవి 18, అంటే ఒక్కోదానికి దాదాపు 58 రూపాయలు. ‘బి’లో 1,100 రూపాయలకు ఒక వాపసు 55 కలిసి 1,155; చేరినవి 19, ఒక్కోదానికి దాదాపు 61. కార్డు మీద 13 రూపాయలున్న తేడా మూడుకు తగ్గింది. ఇరవై పార్సిళ్లలో ఒక వాపసు ఎక్కువా తక్కువా కావడం యాదృచ్ఛికమూ కావచ్చు కాబట్టి దాన్నిబట్టే తీర్పు చెప్పకూడదు. తప్పిన పికప్‌లు, బరువు కోతలు మాత్రం ఈ పాటి పరీక్షలోనే బయటపడతాయి.

ప్రైవేటు సంస్థలు వెళ్లని పల్లెలకు స్పీడ్ పోస్టును పక్కన ఉంచుకోవడం మేలు. రిజిస్టర్డ్ పోస్టు 2025లో దాంట్లోనే కలిసింది, ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి కొత్త ధరలతో పాటు కోరుకున్నవారికి ఓటీపీ డెలివరీ వచ్చింది. పోస్టాఫీసు కౌంటరు దగ్గర తూకం కళ్లముందే వేసి, తర్వాతే డబ్బు తీసుకుంటారు కాబట్టి వారం తర్వాత కోత పడే పద్ధతి అక్కడ లేదు. బదులుగా, పెట్టెలను పోస్టాఫీసు దాకా మోసుకెళ్లి వరసలో నిలబడే మనిషి ఒకరు కావాలి. ఆ కూలిని కూడా ఒక్కో పార్సిల్ ఖర్చులో కలిపితేనే ‘ఎ’, ‘బి’ల అంకెలతో పోల్చడానికి పనికొస్తుంది.