‘లేట్’ అన్న మాట 41 సార్లు

మా మినీ ప్రాజెక్టు కాలేజీ బస్సుల యాప్. కోడ్ మొదలుపెట్టే ముందు, బస్సులో వచ్చే ఏడుగురితో అరగంట చొప్పున మాట్లాడాం. వాళ్ల అనుమతితో రికార్డు చేసి, మాటలన్నీ ఉన్నవి ఉన్నట్టు టైప్ చేశాం. వాటిలో ఏముందో చదివి, టీమ్‌కి ఒక్క పేజీలో చెప్పే పని నాకు పడింది.

నేను చేసిన మొదటి పని Ctrl+F. ‘లేట్’ అన్న మాట 41 సార్లు వచ్చింది. ఇంకేముంది, "బస్సులు లేట్, కాబట్టి లైవ్ మ్యాప్ కావాలి" అని రాసేశాను. అది చూసి మా సీనియర్ అక్క ఒకటే అడిగింది: "నలభై ఒక్కసార్లు సరే, ఎంతమంది అన్నారు?"

వెనక్కి వెళ్లి చూస్తే అందులో 19 సార్లు ఒక్కడే అన్నాడు. వాడికి అది ఊతపదం! లెక్కపెట్టాల్సింది మాటల్ని కాదు, మనుషుల్ని అని అప్పుడు అర్థమైంది.

రెండోసారి పద్ధతిగా చేశాను. ఒక షీట్‌లో నాలుగు గడులు: ఎవరు (పేరు బదులు వి1, వి2 అని), ఎన్నో లైను, వాళ్లన్న మాట, దానికి నేను పెట్టిన చిన్న గుర్తు. ఈ గుర్తునే ‘కోడ్’ అంటారు. మన జావా కోడ్ కాదు లెండి. కోడ్ వాళ్లు చేసే పనికి దగ్గరగా ఉండాలి. ‘లేట్’ అని పెడితే అన్నీ అందులోనే పడిపోతాయి, ఏమీ తెలియదు. అందుకే ఇలా విడగొట్టాను:

వి2: "ముందు స్టాప్‌లో ఉన్న ఫ్రెండ్‌కి ఫోన్ చేస్తా." కోడ్: వేరేవాళ్లని అడగడం.
వి5: "పదిహేను నిమిషాలు ముందే వచ్చి నిలబడతా." కోడ్: ముందే రావడం.
వి6: "వెళ్లిపోయిందనుకుని ఆటో ఎక్కా. వెనకాలే బస్సు వచ్చింది." కోడ్: తప్పు అంచనా, డబ్బు దండగ.

తర్వాత ఈ కోడ్‌లను చీటీల మీద రాసి, దగ్గరగా అనిపించినవి ఒకచోట పెట్టాను. ఈ మూడూ ఒకే కుప్పలోకి వచ్చాయి. ఆ కుప్పకి ‘బస్సు సమయం’ అని పేరు పెట్టబోయి ఆగాను. అది టాపిక్ మాత్రమే, థీమ్ కాదు. థీమ్ అంటే అవునో కాదో తేల్చగలిగే పూర్తి వాక్యం. చివరికి ఇలా రాశాను: "బస్సు ఆలస్యం కన్నా, అది వెళ్లిపోయిందో ఇంకా రావాలో తెలియకపోవడమే వీళ్లని ఎక్కువ ఇబ్బంది పెడుతోంది." ఏడుగురిలో ఐదుగురి మాటల్లో ఇది కనిపించింది.

మిగతా ఇద్దరి సంగతేంటి? వాళ్లని వదిలేస్తే థీమ్ అందంగా కనిపిస్తుంది కానీ నిజం కాదు. వి4 ఎక్కేది మొదటి స్టాప్‌లో. బస్సు అక్కడే ఆగి ఉంటుంది కాబట్టి వెళ్లిపోయిందేమో అన్న అనుమానమే లేదు. అంటే మన వాక్యం మధ్య స్టాపుల వాళ్లకే వర్తిస్తుంది. వి7 బస్సు కనబడకపోతే ఆర్టీసీలో వచ్చేస్తాడు, అతనికి అసలు బెంగే లేదు.

ఇంకో తప్పు కూడా దొరికింది. "లైవ్ మ్యాప్ ఉంటే బాగుంటుందా?" అని నేనే అందరినీ అడిగాను. అందరూ "బాగుంటుంది" అన్నారు. అలా అడిగితే కాదని ఎవరంటారు? జవాబు నా ప్రశ్నలోనే ఉంది కాబట్టి ఆ ఏడు జవాబులనూ లెక్కలోంచి తీసేశాను. ట్రాన్‌స్క్రిప్ట్‌లో మన ప్రశ్నలు కూడా టైప్ చేయాలనేది ఇందుకే. అవి లేకపోతే ఈ తప్పు బయటపడేది కాదు.

టీమ్‌కి ఇచ్చిన పేజీలో ఒక్కో థీమ్ కింద నాలుగే ఉన్నాయి: వాక్యం, ఎంతమంది, వాళ్ల సొంత మాటలు రెండు, ఎవరికి వర్తించదు. ‘71 శాతం’ అని రాయలేదు. ఏడుగురితో మాట్లాడి శాతాలు చెప్తే, కాలేజీ అంతటినీ అడిగినట్టు ఉంటుంది. ‘ఏడుగురిలో ఐదుగురు’ అంటే చదివేవాళ్లకి ఉన్నదే తెలుస్తుంది. ఏం కట్టాలో కూడా అందులో రాయలేదు. అది అందరం కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం.

కూర్చున్నాం. మ్యాప్‌ని పక్కనపెట్టి, "బస్సు మీ ముందు స్టాప్ దాటింది" అనే ఒక్క లైను ముందు చేద్దామనుకున్నాం. రెండు వారాల పని మిగిలింది.

పేజీ చివర ఇంకో వాక్యం ఉంది, రాయాలంటే కాస్త మొహమాటం వేసింది: "ఈ ఏడుగురూ మా రూటు వాళ్లే." వచ్చే వారం వేరే రూటు బస్సు ఎక్కి, ఇంకో నలుగురితో మాట్లాడాలి. ఈసారి మ్యాప్ ఊసెత్తకుండా, "నిన్న పొద్దున స్టాప్‌లో ఏం జరిగింది?" అని అడుగుతాను.