ఇరవై వేలు అన్నారు... చేతికెంత?

నెలకి ఇరవై వేల స్టైపెండ్ అని ఖమ్మం నుంచి హైదరాబాద్ వెళ్లింది మా పక్కింటి అమ్మాయి. మొదటి నెల బ్యాంకులో పడింది 2,500 రూపాయలు! "పిన్నీ, ఎక్కడో మోసం జరిగింది" అంటూ ఏడుపు గొంతుతో ఫోన్ చేసింది. కాగితం ముందేసుకుని ఇద్దరం లెక్క చూశాం. మోసమేమీ లేదు. ముందుగా ఎవరూ చెప్పకపోవడమే తప్పు.

తను చేరింది జూన్ 16న. అంటే సగం నెలే కాబట్టి స్టైపెండ్ 10,000. దాని మీద పది శాతం టీడీఎస్ 1,000. హాస్టల్ ఫీజు మాత్రం ఎన్ని రోజులున్నా ఒకటే, 6,500. ఇక మిగిలింది 2,500. స్టైపెండ్ సగమైంది గానీ హాస్టల్ ఫీజు సగం కాలేదు, అదీ సంగతి. అందుకే చేరే ముందే "మొదటి నెల హాస్టల్‌కి ఎంత పట్టుకుంటారు?" అని అడగాలి. ఆ నెలకి ఇంటి నుంచి కాస్త డబ్బు ఇచ్చి పంపాలి.

మరి పూర్తి నెలకో? చాలామంది ముందు హాస్టల్ ఫీజు తీసేసి, మిగిలిన 13,500 మీద పన్ను లెక్కేసి 12,150 వస్తాయనుకుంటారు. అలా కాదు. పన్ను మొత్తం స్టైపెండ్ మీదే. 20,000లో 2,000 టీడీఎస్, 6,500 హాస్టల్ పోగా చేతికొచ్చేది 11,500.

ఈ పది శాతం ఎందుకంటే, ఆ కంపెనీ స్టైపెండ్‌ని జీతంగా కాక వృత్తిపరమైన ఫీజుగా రాసుకుంది. అలాంటి ఫీజు ఏడాదికి 50,000 దాటితే టీడీఎస్ పట్టాలి. అదే జీతంగా ఇస్తే, ఇంత చిన్న మొత్తానికి పన్నే ఉండదు. పాన్ నంబరు ఇవ్వకపోయినా, దానికి ఆధార్ జోడించకపోయినా పదికి బదులు ఇరవై శాతం పోతుంది. అప్పుడు చేతికి 9,500 మాత్రమే!

ఇంతకీ ఆ పట్టుకున్న డబ్బు పోయినట్టేనా? కాదు. ఆరు నెలలకి తన ఆదాయం 1,20,000. కొత్త విధానంలో 4 లక్షల వరకూ పన్ను లేదు. కాబట్టి వేరే ఆదాయం లేకపోతే, పట్టుకున్న 12,000 మొత్తం వెనక్కి రావాలి. కాకపోతే దానంతటదే రాదు. ఆర్థిక సంవత్సరం ముగిశాక గడువులోగా రిటర్ను వేయాలి. కంపెనీ నుంచి టీడీఎస్ సర్టిఫికెట్ అడిగి తీసుకుని, అదే మొత్తం ఆదాయపు పన్ను పోర్టల్‌లో తన పాన్ మీద కనబడుతోందో లేదో సరిచూసుకోవాలి. కనబడకపోతే, కంపెనీ ఆ డబ్బు కట్టలేదో, పాన్ తప్పు రాసిందో అన్నమాట. వెంటనే అక్కౌంట్స్ వాళ్లని అడగాలి.

"అయితే ఆ పన్నెండు వేలూ నావే కదా పిన్నీ!" అంది అమ్మాయి. హాస్టల్ డబ్బు తిరిగిరాదు గానీ, అవి మాత్రం తనవే.