రాత్రి యాడ్ సరే, ఫోన్ ఎత్తేదెవరు?

ముత్తంగిలో ఒక మోటార్ రీవైండింగ్ షాపు ఉందనుకుందాం. ఉన్నది ఇద్దరే. పాశమైలారం, పటాన్‌చెరు ఫ్యాక్టరీల పని కోసం గూగుల్‌లో రోజుకు 300 రూపాయల యాడ్ నడుస్తోంది.

8 వారాలకు 16,800 ఖర్చు, 39 ఆర్డర్లు. ఏ గంటకు ఎంత ఖర్చయిందో గూగుల్‌లో Day & hour రిపోర్ట్ చూపిస్తుంది. ఏ కాల్ ఆర్డరైందో షాపు నోట్‌బుక్‌లో రాసుకోవాలి. వారానికి 168 గంటలు, ఆర్డర్లేమో 39. గంట గంటకీ విడదీస్తే ఏమీ తేలదు. అందుకే మూడు పూటలుగా కలిపి చూడండి.

పొద్దున 9 నుంచి 1 దాకా: 6,000 ఖర్చు, 20 ఆర్డర్లు, ఒక్కోదానికి 300. మధ్యాహ్నం 1 నుంచి రాత్రి 8 దాకా: 6,800 ఖర్చు, 17 ఆర్డర్లు, ఒక్కోదానికి 400. రాత్రి 8 నుంచి 11 దాకా: 4,000 ఖర్చు, 2 ఆర్డర్లు, ఒక్కోదానికి 2,000.

రాత్రి గిరాకీ లేదనేయకండి. ముందు ఫోన్‌లో మిస్డ్ కాల్స్ లెక్కపెట్టండి. రాత్రి 22 కాల్స్ వస్తే 17 ఎవరూ ఎత్తలేదనుకోండి. ఎత్తిన 5 కాల్స్‌లో 2 ఆర్డర్లయ్యాయి. అంటే గిరాకీ ఉంది, మనిషే లేడు. రెండు వారాలు ఇద్దరూ వంతులవారీగా ఫోన్ పట్టుకుని చూడండి. కుదరకపోతే Ad schedule లో యాడ్‌ని 8కే ఆపేయండి.

జుమా రోజు కూడా అంతే. 1 నుంచి 2:30 దాకా షాపు మూసి ఉంటే, శుక్రవారాన్ని 9–1, 2:30–8 అని రెండు ముక్కలుగా పెట్టండి. అక్కడ కనిపించే సున్నా గిరాకీది కాదు, మూసిన షట్టర్‌ది.