మొత్తం జీతం కాదు, బేసిక్ చూడండి

దుబాయ్ హోటల్ ఉద్యోగం ఆఫర్ లెటర్ చేతికొచ్చిందా? సంతకం పెట్టేముందు ఓవర్‌టైమ్, వసతి లెక్కలు ఇలా తేల్చుకోండి.

నిజామాబాద్ నుంచి దుబాయ్‌కి వెయిటర్‌గా వెళ్లే కుర్రాడికి రెండు ఆఫర్ లెటర్లు వచ్చాయనుకుందాం. రెండింట్లోనూ నెల జీతం 1,800 దిర్హమ్‌లే. మొదటిదాంట్లో బేసిక్ 900, మిగతావి అలవెన్సులు. రెండోదాంట్లో బేసిక్ 1,500, అలవెన్సులు 300. మామూలు నెలలో తేడా తెలియదు. పని పెరిగినప్పుడూ ఉద్యోగం మానేసినప్పుడూ తెలుస్తుంది.

యూఏఈ కార్మిక చట్టం ప్రకారం ఓవర్‌టైమ్‌ను బేసిక్ మీదే లెక్కగడతారు. గంటకయ్యే బేసిక్‌కు కనీసం 25 శాతం కలపాలి. నెలకు 30 రోజులు, రోజుకు 8 గంటల చొప్పున చూస్తే, మొదటి లెటర్‌లో ఓవర్‌టైమ్ గంటకు సుమారు 4.70 దిర్హమ్‌లు, రెండోదాంట్లో 7.80. ఏడాది దాటాక మానేస్తే వచ్చే గ్రాట్యుటీ కూడా బేసిక్ మీదే. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ అంటే ఒకచోట 630, మరోచోట 1,050.

రాత్రి 10 నుంచి ఉదయం 4 దాకా ఓవర్‌టైమ్ చేస్తే 50 శాతం కలపాలి. కానీ షిఫ్టుల్లో పనిచేసేవారికి ఈ రాత్రి రేటు వర్తించదు. హోటళ్లలో చాలామందివి షిఫ్టులే కాబట్టి, ఏజెంటు చెప్పే ‘నైట్ డబ్బుల’ను నమ్ముకుని లెక్క వేసుకోవద్దు. రెస్టారెంట్లలో స్ప్లిట్ షిఫ్ట్ కూడా మామూలే. మధ్యాహ్నం భోజనాల దాకా చేసి, మళ్లీ సాయంత్రం డ్యూటీ ఎక్కాలి. మధ్యలో దొరికే విరామం పనిగంటల్లోకి రాదు.

అందుకే వసతి ఎక్కడన్నది ముఖ్యం. రూమ్ హోటల్‌కి గంట దూరంలో ఉంటే ఆ విరామమంతా బస్సులోనే గడిచిపోతుంది. యజమాని ప్రభుత్వ అనుమతి ఉన్న వసతి చూపించవచ్చు, లేదా అద్దె డబ్బు ఇవ్వవచ్చు, జీతంలోనే కలిపీ ఇవ్వవచ్చు. లెటర్‌లో అద్దె అలవెన్సు రాసి, కంపెనీ రూమ్ కూడా ఉందంటే ఒక్క ప్రశ్న అడగండి: ఆ అలవెన్సు చేతికి ఇస్తారా, రూమ్ కింద కోసుకుంటారా? రూమ్‌లో ఎంతమంది, కరెంటు, నీళ్ల బిల్లు ఎవరిది, వచ్చిపోయే బస్సు ఉందా అన్నవి కూడా రాతపూర్వకంగా తీసుకోండి.

ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్లో చూసుకోవచ్చు. వీసా, నియామక ఖర్చులు కార్మికుడి నుంచి వసూలు చేయకూడదని యూఏఈ చట్టమే చెబుతోంది. సంతకం చేసిన ఆఫర్ లెటర్ ఫొటో ఒకటి ఇంట్లో ఉంచి వెళ్లండి. అక్కడ కాంట్రాక్టులో బేసిక్ తగ్గించి రాస్తే, సంతకం చేయకుండా ఆ ఫొటోతో యూఏఈ మానవ వనరుల శాఖకు ఫిర్యాదు చేయవచ్చు.