అయిదు రూపాయల వాటా, ఇరవై ఒక్క వాటాల హక్కు
పాత మదుపుదారుల వద్దకే తిరిగి వెళ్లిన సుజ్లాన్

సూరత్: పవన విద్యుత్ యంత్రాల తయారీలో దేశంలో పేరుమోసిన సుజ్లాన్ ఎనర్జీ కథ గాలిమరల వద్ద మొదలు కాలేదు. దాని మూలాలు సూరత్ నగరపు నూలు, వస్త్ర పరిశ్రమలో ఉన్నాయి. ఇక్కడ వస్త్ర వ్యాపారం సాగించిన తుల్సీ తంతీని కరెంటు ఖర్చు, సరఫరాలో అస్థిరత వేధించాయి. అందుకు విరుగుడుగా తన అవసరాలకు రెండు గాలిమరలు కొన్న ఆయన, చివరకు వాటిని తయారు చేసే వ్యాపారంలోనే దిగారు. 1995లో సుజ్లాన్ స్థాపన జరిగింది. 2005లో కంపెనీ తొలిసారి ప్రజలకు వాటాలు అమ్మినప్పుడు ఒక్కొక్క వాటా ధర 510 రూపాయలు.

సరిగ్గా 17 సంవత్సరాల తర్వాత, 2022 అక్టోబరులో, అదే కంపెనీ అప్పటికే తన వాటాలు ఉన్నవారిని మళ్లీ డబ్బు అడిగింది. ఈసారి వాటా ధర అయిదు రూపాయలు. మధ్యలో 10 రూపాయల ముఖవిలువ గల ఒక్కొక్క వాటాను 2 రూపాయల చొప్పున అయిదుగా విడగొట్టారు గనుక తొలినాటి 510 రూపాయలు నేటి లెక్కలో 102 రూపాయలకు సమానం. అయినా ఆ అంతరం చిన్నది కాదు. జర్మనీ కంపెనీ రీపవర్ కొనుగోలు, పేరుకుపోయిన రుణాలు, 2012లో విదేశీ బాండ్ల సొమ్ము గడువుకు చెల్లించలేకపోవడం, 2020లో బ్యాంకులతో రుణాల పునర్వ్యవస్థీకరణ ఈ మధ్యకాలపు చరిత్ర.

ఇలాంటి స్థితిలో ఉన్న కంపెనీకి కొత్త రుణం సులభంగా పుట్టదు. కొత్తవారికి వాటాలు అమ్ముదామంటే ముందు వారికి నమ్మకం కలిగించాలి. మిగిలిన దారి పాత వాటాదారులే. కంపెనీ కొత్త వాటాలు జారీ చేయదలచినప్పుడు వాటిని ముందుగా ఉన్న వాటాదారులకే, వారి వారి వాటాల నిష్పత్తిలో ఇవ్వజూపడాన్ని రైట్స్ ఇష్యూ, అనగా హక్కుల వాటాల జారీ, అంటారు. 2013 నాటి కంపెనీల చట్టం 62వ సెక్షను దీనిని సాధారణ నియమంగా నిర్దేశించింది. బయటివారికి ఇవ్వాలంటే వాటాదారుల ప్రత్యేక తీర్మానం కావాలి. సుజ్లాన్ 2015లో ఆ రెండవ దారిలోనూ వెళ్లింది. సన్ ఫార్మా అధిపతి దిలీప్ సంఘ్వీ కుటుంబానికి, వారి సంస్థలకు వాటా 18 రూపాయల చొప్పున 100 కోట్ల వాటాలు కేటాయించి 1,800 కోట్ల రూపాయలు సమకూర్చుకుంది. దానిని ప్రిఫరెన్షియల్ కేటాయింపు అంటారు. పేరులో పోలిక ఉన్నంత మాత్రాన అవి ప్రిఫరెన్స్ వాటాలు కావు. అక్కడ ‘ప్రాధాన్యం’ దక్కింది వ్యక్తులకు. వాటాలు మాత్రం మామూలు ఈక్విటీ వాటాలే.

2022 నాటి హక్కుల జారీ వివరాలు ఇవి. మొత్తం 240 కోట్ల వాటాలు, 1,200 కోట్ల రూపాయలు. ప్రతి 21 వాటాలకు 5 కొత్త వాటాల హక్కు. ధర 5 రూపాయలలో ముఖవిలువ 2, ప్రీమియం 3. దరఖాస్తుతో 2.50 రూపాయలు కట్టాలి, మిగిలిన 2.50 కంపెనీ అడిగినప్పుడు. వచ్చే సొమ్ములో అధిక భాగాన్ని రుణభారం తగ్గించుకోవడానికే ఉద్దేశించారు. అక్టోబరు 4 నాటికి ఎవరి పేరున వాటాలు ఉంటే వారికి హక్కు, 11 నుంచి 20 వరకు దరఖాస్తులు. ఇంతలో అక్టోబరు 1న తుల్సీ తంతీ గుండె ఆగి మరణించారు. కంపెనీ జారీని వాయిదా వేయలేదు. తేదీలు మారలేదు.

ఈ జారీలో సామాన్య మదుపుదారుకు దక్కేదేమిటో ఒక ఉదాహరణతో చూడవచ్చు. సూరత్ రింగురోడ్డు వస్త్ర మార్కెట్‌లో దుకాణం గల ఒక వర్తకుని వద్ద 2,100 సుజ్లాన్ వాటాలు ఉన్నాయనుకుందాం. హక్కు విడివడక ముందు మార్కెట్ ధర, లెక్క సులువు కోసం, 9 రూపాయలు అనుకుందాం. ఆయన ఆస్తి విలువ 18,900 రూపాయలు. ఆయనకు 500 కొత్త వాటాల హక్కు వస్తుంది. వాటి మొత్తం ధర 2,500 రూపాయలు. కొనుగోలు చేస్తే చేతిలో 2,600 వాటాలు, వాటిపై పెట్టిన విలువ 21,400 రూపాయలు, అనగా ఒక్కో వాటా 8.23 రూపాయలు. హక్కు విడివడిన తర్వాత మార్కెట్ ధర సిద్ధాంతరీత్యా దిగవలసిన స్థాయి అదే. మార్కెట్‌లో 9 రూపాయలు ఉన్న వాటాను కంపెనీ అయిదుకే ఇస్తోందని సంతోషించిన వారు గమనించవలసిన విషయం ఇక్కడే ఉంది. నాలుగు రూపాయల తగ్గింపు ఎవరో ఇచ్చిన కానుక కాదు. కొత్త వాటాపై కలిసివచ్చేది పాత వాటాల ధరలోంచే తగ్గుతుంది.

మరి ఆ వర్తకుడు ఏమీ చేయకుండా ఊరుకుంటే? ఆయన 2,100 వాటాల విలువ ఒక్కోటి 8.23 చొప్పున 17,285 రూపాయలకు దిగుతుంది. ఇంచుమించు 1,615 రూపాయల నష్టం. కంపెనీ చెడిపోయినందున వచ్చిన నష్టం కాదది, కదలకుండా కూర్చున్నందున వచ్చినది. డబ్బు పెట్టడం ఇష్టం లేకపోతే హక్కును అమ్ముకోవచ్చు. ఒక్కో హక్కు విలువ 8.23లోంచి 5 తీసివేయగా 3.23 రూపాయలు, 500 హక్కులకు సుమారు 1,615 రూపాయలు. ఆ నష్టం దీనితో పూడుతుంది. వాటా ధర సగమే ముందు కట్టవలసి రావడం, రోజువారీ ఊగిసలాటలు కారణంగా నిజమైన మార్కెట్‌లో హక్కు ధర ఈ లెక్కకు అటూ ఇటూ ఉంటుంది. కాని సూత్రం మారదు: కొనాలి, లేదా అమ్మాలి.

మూడవ దారి పట్టేవారు తక్కువేమీ కాదు. పూర్వం హక్కుల పత్రం తపాలాలో వచ్చేది. దానిని మరొకరికి బదలాయించాలంటే సంతకాలు, తెలిసిన బ్రోకరు కావలసి వచ్చేవి. సెబీ 2020 జనవరిలో ఈ పద్ధతిని మార్చింది. ఇప్పుడు హక్కులు జారీ మొదలయ్యే లోపే మదుపుదారు డీమ్యాట్ ఖాతాలో విడి పేరుతో, విడి సంఖ్యతో జమ అవుతాయి; స్టాక్ ఎక్స్ఛేంజిలో వాటాల వలెనే చేతులు మారతాయి. అయితే ఈ కొనుగోళ్లు, అమ్మకాలు జారీ ముగియడానికి కొద్ది రోజుల ముందే ఆగిపోతాయి. ముగింపు గడువు దాటితే వాడని హక్కు పూర్తిగా రద్దవుతుంది, ఖాతాలోంచి మాయమవుతుంది. ఇందులోనే మరో చిక్కు ఉంది. ఎక్స్ఛేంజిలో చౌకగా కనబడిన హక్కును వాటా అనుకొని కొన్నవారు, దరఖాస్తు చేసి ధర చెల్లించకపోతే, కొన్న సొమ్ము కూడా పోగొట్టుకుంటారు. హక్కు కొనడం ఒక అడుగు, దరఖాస్తు చేయడం మరో అడుగు. రెండూ వేస్తేనే వాటా చేతికొస్తుంది.

సగం చెల్లించిన వాటాలతోనూ జాగ్రత్త అవసరం. సుజ్లాన్ మిగిలిన 2.50 రూపాయలను 2023లో అడిగింది. అలాంటి పిలుపుకు స్పందించని వారి వాటాలను జప్తు చేసే అధికారం కంపెనీకి ఉంటుంది. మొదట కట్టినది తిరిగి రాదు. పాతిక పైసల పొదుపు కోసం పావలా పోగొట్టుకున్నట్టే.

సుజ్లాన్ జారీకి ఇంచుమించు 1.8 రెట్ల దరఖాస్తులు వచ్చాయి. 2023 ఆగస్టులో అదే కంపెనీ పెద్ద సంస్థలకు వాటా 17.55 రూపాయల చొప్పున అమ్మి 2,000 కోట్ల రూపాయలు సమీకరించింది. పది నెలల క్రితం అయిదు రూపాయలు పెట్టిన పాత మదుపుదారులకు అది మంచి బేరమే అయింది. అయితే 2022 అక్టోబరులో ఈ సంగతి ఎవరికీ తెలియదు. ఇదే అయిదు రూపాయలు మునిగిపోయి ఉండవచ్చు కూడా. రుణం తీర్చడానికి వచ్చే హక్కుల జారీలో ఆఫర్ పత్రం తిరగవేసి చూడవలసినవి రెండే: ప్రమోటర్లు తమ వంతు వాటాలు తీసుకుంటామని రాతపూర్వకంగా చెప్పారా, జారీ తర్వాత ఇంకా మిగిలే అప్పును వ్యాపారం నుంచి వచ్చే రాబడి మోయగలదా. ప్రమోటర్లే వెనుకాడిన చోట చిన్న వాటాదారు ముందుకు దూకడానికి కారణం వెతకవలసి ఉంటుంది.

ఇక ప్రిఫరెన్స్ వాటాల విషయం. పాత వాటాదారులకు హక్కుగా ఇవ్వజూపేవి ఎప్పుడూ ఈక్విటీ వాటాలే కానక్కరలేదు. 2007 నవంబరులో టాటా స్టీల్, బ్రిటన్‌కు చెందిన కోరస్ కంపెనీ కొనుగోలు వ్యయానికి, రెండు రకాల వాటాలను ఒకేసారి హక్కుగా ఇచ్చింది. అయిదు వాటాలున్నవారికి 300 రూపాయల ధరకు ఒక ఈక్విటీ వాటా. పది వాటాలున్నవారికి తొమ్మిది ప్రిఫరెన్స్ వాటాలు, ఒక్కొక్కటి 100 రూపాయలు, ఏటా 2 శాతం డివిడెండు. ఈ రెండవ విడతలోనే దాదాపు 5,480 కోట్ల రూపాయలు సమకూరాయి.

ప్రిఫరెన్స్ వాటాలో ప్రాధాన్యం రెండు చోట్ల. డివిడెండు పంపకంలో, కంపెనీ మూతపడితే మూలధనం తిరిగి చెల్లించడంలో ఈక్విటీ వాటాదారుల కంటే ముందు వరుస. కాని రుణదాతల వెనుక వరుస. డివిడెండు నిర్ణీత శాతమే, అదీ లాభాల నుంచే. కంపెనీ ఎంత పెరిగినా ఎక్కువ రాదు. మామూలుగా ఓటు లేదు. డివిడెండు రెండేళ్లు అంతకు మించి చెల్లించకపోతే అన్ని తీర్మానాలపైనా ఓటు వస్తుంది. సాధారణంగా 20 సంవత్సరాల లోపు కంపెనీ సొమ్ము తిరిగి చెల్లించి తీరాలి. చెల్లింపు అవసరంలేని ప్రిఫరెన్స్ వాటాలను ప్రస్తుత చట్టం అనుమతించదు.

టాటా స్టీల్ వాటాలు సొమ్ము తిరిగిచ్చే తరహావి కావు, ఈక్విటీగా మారేవి. 2009 సెప్టెంబరు 1న ఆరు ప్రిఫరెన్స్ వాటాలు ఒక ఈక్విటీ వాటాగా మారాయి. అంటే ఒక ఈక్విటీ వాటా 600 రూపాయలకు పడినట్టు. 100 పాత వాటాలున్న మదుపుదారు 90 ప్రిఫరెన్స్ వాటాలకు 9,000 రూపాయలు కట్టి, ఏటా 180 రూపాయల డివిడెండుకు అర్హుడై, చివరకు 15 ఈక్విటీ వాటాలు పొందాడు. జారీ నాటికి మార్కెట్ ధర 600 కంటే చాలా ఎక్కువగా ఉన్నందున ఇది లాభసాటిగానే కనిపించింది. మధ్యలో 2008 నాటి ప్రపంచ ఆర్థిక సంక్షోభం వచ్చింది. మార్పిడి రోజున బజారులో టాటా స్టీల్ వాటా 600 కంటే తక్కువకే దొరికింది. మార్చుకోవాలా వద్దా అని నిర్ణయించుకునే అవకాశం మదుపుదారుకు లేదు. నిబంధనలోనే తప్పనిసరి మార్పిడి అని ఉంది. 300 రూపాయలకు ఈక్విటీ వాటా తీసుకున్నవారి పరిస్థితి దానికంటే మెరుగు.

హక్కుల జారీ ప్రక్రియను సెబీ 2025లో మరింత కుదించింది. డైరెక్టర్ల బోర్డు ఆమోదించిన తేదీ నుంచి 23 పనిదినాలలో అంతా ముగించాలన్నది ఆ ఏడాది ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చిన నియమం. ఆఫర్ పత్రం చదివి, కొనాలా అమ్మాలా తేల్చుకోవడానికి వాటాదారు చేతిలో ఉండే కాలం ఇప్పుడు ఆ లోపలే ఇమిడి ఉంటుంది.